అమ్మినవాళ్ళ సర్టిఫికెట్‌తో వచ్చిన 1939 రూపాయి: దేన్ని రుజువుగా తీసుకోవాలి?

సత్యం, గునుపూర్

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి వెండి రూపాయిలు పోగుచేయడం ఇష్టం. విక్టోరియా బొమ్మవి, ఎడ్వర్డువి, జార్జులవి చాలావరకు ఉన్నాయి. ఆరో జార్జి 1939 రూపాయి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఒక డీలరు దగ్గర కనిపిస్తే 32,000 పెట్టి తెప్పించాను.

దాంతో పాటు ఒక సర్టిఫికెట్ పంపారు. మందపాటి అట్ట, బంగారు రంగు అంచు, మెరిసే హోలోగ్రామ్ స్టిక్కరు, ఒక సీరియల్ నంబరు, గుండ్రటి ముద్ర అన్నీ ఉన్నాయి. 'మా నిపుణుల బృందం పరీక్షించి ఇది అసలైన నాణెమని ధ్రువీకరిస్తోంది' అని రాసి ఉంది. నాన్నగారి స్నేహితుడు ఒకాయన చూసి, ఆఖరి తొమ్మిది తేడాగా ఉంది అన్నారు. అప్పటినుంచి నాన్నగారికి నిద్ర లేదు.

డీలరుకు ఫోన్ చేస్తే 'సర్టిఫికెట్ ఇచ్చాం కదండీ, ఇంకా అనుమానమేంటి' అంటున్నారు. సర్టిఫికెట్ ఉంటే సరిపోతుందా? సరిపోకపోతే దేన్ని నమ్మాలి? ఫొటోలు పెట్టాను.

మురళి, పర్లాకిమిడి (వెండి కొట్టు)

సత్యం బాబూ, అట్టముక్క సంగతి పక్కన పెట్టు. ముందు కాటా మీద పెట్టు. తులం అంటే అసలు ఈ రూపాయి బరువే. 11.66 గ్రాములు రావాలి. అరిగిన బిళ్ళయితే కొంచెం తగ్గుతుంది. తర్వాత అయస్కాంతం దగ్గర పెట్టు, లాగకూడదు. ఆ తర్వాత మీ ఊళ్ళో ఏ కంసాలి దగ్గరికైనా వెళ్ళి గీటురాయి మీద చూపించు, లేదా లోహం స్వచ్ఛత చూపించే టచ్ మెషిన్ ఉన్నచోట పెట్టించు. 91 పైన టచ్ వచ్చిందంటే బిళ్ళ అసలుదే, ఇక టెన్షన్ అక్కర్లేదు. మా దగ్గరికి వచ్చే దొంగ బిళ్ళల్లో సగం బరువు దగ్గరే దొరికిపోతాయి.

రాగమణి, బరంపురం

గీటురాయి మీద మాత్రం రుద్దించకండి సత్యం గారూ. నాణెం అసలుదే అయితే ఆ గీటు వల్ల విలువ పడిపోతుంది. టచ్ మెషిన్ ఫరవాలేదు, దానికి గీత పడదు. కాకపోతే అది పైపొరను మాత్రమే చదువుతుంది. మందంగా వెండి పూత వేసిన ఇత్తడి బిళ్ళను కూడా వెండి అని చెప్పగలదు.

ఇంట్లోనే చేసుకోగల మంచి పరీక్ష ఇంకొకటి ఉంది. వందో వంతు గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా తీసుకోండి. ముందు నాణేన్ని పొడిగా తూచి రాసుకోండి. తర్వాత ఒక గ్లాసులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, చేత్తో పట్టుకుని నీళ్ళలో పూర్తిగా ముంచండి. అది గ్లాసు అడుగునూ అంచునూ తగలకూడదు, బుడగలు అంటుకుని ఉండకూడదు. అప్పుడు కాటా చూపించే అంకెతో పొడి బరువును భాగించండి. 1938, 1939 రూపాయిల్లో వెండి 91.7 శాతం, మిగతాది రాగి. కాబట్టి 10.3 దగ్గర రావాలి. ఇత్తడి జాతి లోహమైతే ఎనిమిదిన్నర దగ్గర ఆగిపోతుంది. ఇది లోపలి లోహాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

సర్టిఫికెట్ గురించి విడిగా రాస్తాను. ముందు దాని రెండు వైపులా ఫొటో పెట్టండి, చిన్న అక్షరాలు కనిపించేలా.

సత్యం, గునుపూర్

అమ్మా, ఇప్పుడే చేశాం. పొడి బరువు 11.62. నీళ్ళలో 1.13 చూపించింది. భాగిస్తే 10.28 వచ్చింది. అయస్కాంతం లాగలేదు. నాన్నగారి మొహంలో కళ వచ్చింది.

సర్టిఫికెట్ ఫొటోలు కూడా పెట్టాను. వెనక వైపు చిన్న అక్షరాల్లో 'ఇది మా అభిప్రాయం మాత్రమే' అని ఉంది. అది ఇప్పుడే చూశాను.

మురళి, పర్లాకిమిడి

చూశావా, చెప్పాను కదా. వెండి తేలింది, బరువు తేలింది. నాన్నగారిని ప్రశాంతంగా ఉండమను.

రాగమణి, బరంపురం

మురళి గారూ, మీరు చెప్పిన పరీక్షలు సరైనవే. కానీ సత్యం గారి అసలు అనుమానానికి అవి జవాబు ఇవ్వవు.

1938 రూపాయి, 1939 రూపాయి ఒకే బరువు, ఒకే వెండి, ఒకే సైజు. రెండింటి అంచు కూడా ఒకలాంటి గాట్లే. నకిలీలు రాకుండా పెట్టిన భద్రతా అంచు 1940 నుంచి వచ్చింది, అప్పుడే వెండి కూడా 50 శాతానికి తగ్గింది. 1938 రూపాయి సులువుగా దొరుకుతుంది, వెండి ధర మీద కొంచెం ఎక్కువ ఇస్తే చాలు. 1939 రూపాయి చాలా అరుదు. అందుకని 1939 పేరుతో తిరిగే దొంగ నాణేల్లో ఒక రకం ఏమిటంటే, అసలైన 1938 రూపాయి తీసుకుని ఆఖరి ఎనిమిదిని తొమ్మిదిగా చెక్కేస్తారు. అలాంటి బిళ్ళను మీరు తూచినా, నీళ్ళలో ముంచినా, ఏ మెషిన్‌లో పెట్టినా పాస్ అవుతుంది. ఎందుకంటే అది ప్రభుత్వ టంకశాలలో పుట్టిన అసలు వెండి రూపాయే. అబద్ధం ఒక్క అంకెలో ఉంది.

కాబట్టి ఇప్పటివరకు తేలింది ఒకటే: ఇది పోతపోసిన ఇత్తడి నకలు కాదు. సంవత్సరం సంగతి ఇంకా తేలలేదు.

లక్ష్మి, జయపురం

నాకూ ఇలాంటి సమస్యే ఉంది. బరంపురం పట్టు చీర అని అమ్మాయి పెళ్ళికి కొన్నాం. కొట్టువాళ్ళు 'నూరు శాతం అసలు చేనేత బరంపురం పట్టు' అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంటికొచ్చాక మా ఆడపడుచు చూసి ఇది మగ్గం మీద నేసింది కాదు అంటోంది. నేను కూడా నీళ్ళలో ముంచి చూడాలా?

రాగమణి, బరంపురం

వద్దమ్మా, చీరను నీళ్ళలో పెట్టకండి! ఆ పరీక్ష లోహానికే.

కానీ మీ ప్రశ్న మంచిది. కొట్టువాళ్ళ కాగితం కాకుండా, చీరకు సిల్క్ మార్క్ లేబుల్ ఉందేమో చూడండి. అది సెంట్రల్ సిల్క్ బోర్డు ఆధ్వర్యంలోని సంస్థ ఇచ్చేది, కొట్టు ఇచ్చేది కాదు. కొట్టుతో సంబంధం లేకుండా దాని నంబరును సరిచూసుకోవచ్చు. అయితే అది 'ఇది స్వచ్ఛమైన పట్టు' అన్నంతవరకే చెబుతుంది. మగ్గం మీద నేశారా, బరంపురంలో నేశారా అన్నది చెప్పదు. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. మురళి గారి టచ్ మెషిన్ కూడా ఇంతే. అడిగిన ప్రశ్నకు సరిగ్గానే జవాబిస్తుంది, మనం అడగని దానికి ఇవ్వదు.

లక్ష్మి, జయపురం

సిల్క్ మార్క్ ఉంది. హ్యాండ్లూమ్ మార్క్ లేదు. సరే, కొట్టుకే వెళ్ళి అడుగుతాను.

రాగమణి, బరంపురం

సత్యం గారి సర్టిఫికెట్ ఫొటో పెద్దది చేసి చదివాను. దాని మీద ఉన్నవాటికంటే లేనివాటి గురించే చెప్పాలి.

ఈ నాణెం ఫొటో లేదు. బరువు లేదు. నాణెం మీద ఏ గుర్తుంది, ఏ గీత ఉంది అన్నది లేదు. 'జార్జి 6, వన్ రూపీ, 1939' అని మాత్రమే ఉంది. అంటే ఆ అట్టను రేపు ఇంకో బిళ్ళ పక్కన పెట్టినా సరిపోతుంది. ఆ కాగితానికీ మీ చేతిలో ఉన్న బిళ్ళకూ ముడి లేదు.

'నిపుణుల బృందం' అని ఉంది, ఒక్కరి పేరు లేదు. సంతకం ఉంది, ఎవరిదో తెలియదు. చూసినవారెవరో తెలిస్తే, ఏం చూసి చెప్పారని అడగొచ్చు. పేరు లేనప్పుడు అడగడానికి మనిషే లేడు.

సీరియల్ నంబరు ఉంది, దాన్ని ఎక్కడ సరిచూసుకోవాలి? ఆ డీలరు ఫోన్‌లోనే. హోలోగ్రామ్ స్టిక్కర్లు రోల్‌లో ఎవరికైనా అమ్ముతారు, మన పేరు వేయించి మరీ ఇస్తారు. అన్నిటికంటే పెద్ద విషయం, 32,000 చేతిలో పడేవాళ్ళే ఇది అసలుదని చెబుతున్నారు. వాళ్ళు మోసగాళ్ళని నేను అనడం లేదు. నిజాయితీగా పొరపాటు పడినా ఆ కాగితం ఇలాగే ఉంటుంది కదా.

బంగారం నగ మీద హాల్‌మార్క్‌తో పోల్చి చూడండి. నగ మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు చెక్కి ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే, ఏ కేంద్రం పరీక్షించింది, నగ ఏ రకం, స్వచ్ఛత ఎంత అన్నది వస్తుంది. నంబరు వస్తువు మీదే ఉంది, పరీక్షించింది వేరొకరు, సరిచూసుకోవడానికి కొట్టువాణ్ణి అడగక్కర్లేదు. పాత నాణేలకు మన దేశంలో అలాంటి ప్రభుత్వ ఏర్పాటు లేదు.

మురళి, పర్లాకిమిడి

మేడమ్, ఒక మాట. నేను వెండి కొట్టు నడుపుతున్నాను, మా నాన్న కూడా నడిపారు. మా దగ్గర కొన్నవాళ్ళకి మేం చీటీ రాసిస్తాం. ఆ చీటీని ఊరంతా నమ్ముతుంది. అమ్మినవాడి మాటకు విలువే లేదంటే వ్యాపారం ఎలా నడుస్తుంది?

రాగమణి, బరంపురం

మీ చీటీకి విలువ ఎక్కడినుంచి వచ్చిందో చూడండి మురళి గారూ. పదేళ్ళ తర్వాత ఆ వస్తువు వెనక్కి తెస్తే, మీరు రాసిన టచ్ ప్రకారం తిరిగి కొంటారు. తేడా వస్తే నష్టం మీది. ఊరు నమ్మేది ఆ తిరిగి కొనడాన్ని. సత్యం గారి కాగితంలో ఆ మాటే లేదు. పైగా 'అభిప్రాయం మాత్రమే' అని వెనక రాసి ఉంది. నాణేల వ్యాపారంలో కూడా 'దొంగదని తేలితే ఎప్పుడైనా పూర్తి డబ్బు వాపసు' అని బిల్లు మీద రాసిచ్చే పాత డీలర్లు ఉన్నారు. వాళ్ళ మాటకు నేను విలువ ఇస్తాను.

మురళి, పర్లాకిమిడి

అది ఒప్పుకుంటాను. అయినా చాలామంది నిజాయితీగా ఇచ్చే కాగితాలను ఒక్క దెబ్బకు కొట్టేయకూడదు అంటాను.

నవీన్, కోరాపుట్

ఇంత చర్చ ఎందుకు? నాణేలు పరీక్షించే సంస్థలు ఎన్‌జీసీకో పీసీజీఎస్‌కో పంపించండి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి గ్రేడు వేసి ఇస్తారు. డబ్బాలో ఉంటే అసలుది, లేకపోతే కాదు. నేను డబ్బాలో ఉన్నవే కొంటాను.

రాగమణి, బరంపురం

పంపడం మంచి మార్గమే నవీన్ గారూ. వాళ్ళు నాణెం అమ్మరు, ఫీజు తీసుకుని చూసి చెబుతారు. ఒకవేళ తప్పు తేలితే పరిహారం ఇస్తామని గ్యారంటీ కూడా ఉంటుంది. కానీ 'డబ్బాలో ఉంటే అసలుది' అన్నచోట ఆగండి.

ఆ డబ్బాలకూ నకళ్ళు వస్తున్నాయి. ఇంకొకరి అసలు నాణెం నంబరు తీసుకుని, దొంగ డబ్బా మీద అదే నంబరు వేస్తారు. మీరు వెబ్‌సైట్‌లో నంబరు కొడితే 'అవును, 1939 రూపాయి, ఈ గ్రేడు' అని వస్తుంది, ఎందుకంటే ఆ నంబరు నిజమైనదే. కాబట్టి నంబరు సరిపోయిందని వదిలేయకుండా, అక్కడ ఫొటో ఉంటే దాన్ని మీ చేతిలో ఉన్న నాణెంతో పోల్చాలి. రాజు చెంప మీద చిన్న నొక్కు, అంచు దగ్గర ఒక గీత, మచ్చ రంగు. ప్రతి పాత నాణేనికీ ఇలాంటివి ఉంటాయి, రెండిటికి ఒకేలా ఉండవు. ఫొటోలో ఉన్న నొక్కు మీ నాణెం మీద లేదంటే డబ్బా ఎంత బాగున్నా అది వేరే నాణెం. అన్ని నంబర్లకూ ఫొటోలు ఉండవు, ఆ పరిమితి ఉంది.

నవీన్, కోరాపుట్

నంబరు కొట్టి ఊరుకునేవాణ్ణి. ఈ రాత్రికి నా దగ్గరున్నవన్నీ ఫొటోలతో సరిచూస్తాను.

ప్రసాద్, రాయగడ

మా మావయ్య దగ్గర ఈస్ట్ ఇండియా కంపెనీ 1818 నాటి అర్ధణా ఉంది. రామ పట్టాభిషేకం బొమ్మ ఉంటుంది. దానికీ సర్టిఫికెట్ ఉంది, ల్యాబ్ రిపోర్టు కూడా ఉంది. బియ్యం గింజల్ని లాగుతుందని చెప్పి లక్షల్లో అడుగుతున్నారట. ఎవరైనా కొంటారా?

రాగమణి, బరంపురం

ప్రసాద్ గారూ, కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ ముద్రించలేదు. దేవుడి బొమ్మలతో, కంపెనీ పేరుతో, 1818 అనీ 1616 అనీ సంవత్సరాలు వేసి తర్వాతి కాలంలో తయారుచేసిన బిళ్ళలవి. బియ్యం లాగడం పేరుతో నడిచే మోసం మీద మన దేశంలో చాలా చోట్ల పోలీసు కేసులు అయ్యాయి. మావయ్యగారిని అడ్వాన్సులు, 'పరీక్ష ఫీజులు' ఎవరికీ కట్టవద్దని ఇప్పుడే చెప్పండి. దయచేసి ఆలస్యం చేయకండి.

వెంకటేశ్, సిరొంచ

మాది గడ్చిరోలి వైపు. మా ఇంట్ల తాతల నాటి వెండి రూపాయలు మూట ఉంది. నాయనమ్మ పెండ్లినాటివి అని అందరికీ తెల్సు. ఇంటి పెద్దలు చెప్పింది కూడా రుజువు కిందికి రాదా?

రాగమణి, బరంపురం

కొంతవరకు వస్తుంది వెంకటేశ్ గారూ. అమ్ముకోవాలనే ఆశ లేని ఇంట్లో తరాలుగా ఉన్నవి కాబట్టి వాటిని ఎవరూ చెక్కి ఉండరనుకోవచ్చు. కానీ కొనేవాడికి ఆ మాట ఒక్కటే చాలదు, మూటలో మధ్యలో ఏది చేరిందో ఎవరికీ తెలియదు. పాత కాగితం ఉంటే బలం. నాణేల్లో మేం ఎక్కువగా విలువిచ్చేది పాత వేలం కేటలాగు. ఆ నాణెం ఇన్నేళ్ళ క్రితం ఫలానా వేలంలో ఫలానా లాటుగా అమ్ముడైందని ఫొటోతో సహా అచ్చై ఉంటుంది. ఆ ఫొటోలో ఉన్న నొక్కులు చేతిలో ఉన్న నాణెం మీద కూడా ఉంటే, అది అప్పట్లో చాలామంది కళ్ళ ముందు నిలబడిన నాణెమే అని అర్థం. కేటలాగు కాగితం ఒక్కటే చూపించి, ఫొటో సరిపోలకపోతే దానికి విలువ లేదు.

మీ మూటను మాత్రం చింతపండుతో తోమకండి.

సత్యం, గునుపూర్

అమ్మా, మా బిళ్ళ సంగతి చెప్పండి. మొబైల్‌కు చిన్న మాక్రో లెన్స్ తగిలించి సంవత్సరం దగ్గర నాలుగు ఫొటోలు తీశాను. వెలుతురు ఒక పక్కనుంచి పడేలా తీయమని మురళి గారు ఫోన్‌లో చెప్పారు.

రాగమణి, బరంపురం

ఫొటోలు బాగా వచ్చాయి. మురళి గారు మంచి సలహా ఇచ్చారు, పక్క వెలుతురు లేకపోతే ఇవి కనిపించేవి కావు. నేను చూసింది చెబుతాను.

1939లో రెండు తొమ్మిదులు ఉన్నాయి, అది మనకు కలిసొచ్చే విషయం. మీ నాణెం మీద మొదటి తొమ్మిది తల పెద్దగా, గుండ్రంగా ఉంది. ఆఖరి తొమ్మిది తల చిన్నగా ఉంది, నడుము కింద తోక లావుగా ఉంది. ఎనిమిదిలో పైగుండ్రం చిన్నది, కిందిది పెద్దది. దాని కింది గుండ్రానికి ఎడమ పక్క చెక్కేస్తే మిగిలేది ఇలాంటి ఆకారమే: చిన్న తల, బరువైన తోక.

రెండోది, ఆ ఎడమ పక్క ఖాళీ చోటు. మూడో ఫొటోలో చూడండి, ఆఖరి అంకె పక్కన సన్నటి గీతలు ఒకే దిక్కుగా ఉన్నాయి. చుట్టుపక్కల ఎక్కడా అలా లేవు. వాడకంలో పడే గీతలు ఇష్టమొచ్చినట్టు అన్ని దిక్కులా ఉంటాయి. పనిముట్టుతో గీకి, తర్వాత నునుపు చేస్తే ఇలా ఒక పక్కకే వస్తాయి. ఆ చోట రంగు కూడా కాస్త తెల్లగా ఉంది. మిగతా నాణెం మీద ఉన్న పాత నలుపు అక్కడ లేదు.

ఈ రెండూ కలిపి చూస్తే చెక్కిన 1938 అయ్యే అవకాశం ఎక్కువని నాకు అనిపిస్తోంది. కానీ ఫొటో చూసి ఆఖరి మాట చెప్పను. తొమ్మిదుల పోలిక ఒక సూచన మాత్రమే. అసలు 1939 నాణెం పెద్ద ఫొటో పక్కన పెట్టి, అంకె చోటు, వంపు, పక్కనున్న ఆకుల నుంచి దూరం కొలవాలి. నాణేన్ని చేత్తో పట్టుకుని పదింతలు పెద్దదిగా చూపించే లూప్ భూతద్దంలో తిప్పి చూడాలి. భువనేశ్వర్‌లో గానీ విశాఖలో గానీ నాణేల ప్రదర్శన జరిగినప్పుడు తీసుకెళ్ళి, మీకు అమ్మని ఇద్దరికి విడివిడిగా చూపించండి. మొదటివారు ఏమన్నారో రెండోవారికి చెప్పకండి.

మురళి, పర్లాకిమిడి

సత్యం, నేను కూడా ఫొటో పెద్దది చేసి చూశాను. అది వాడకంలో పడిన గీత కాదు, చెక్కుడు పనే. వెండి మీద బులి పెట్టి గీకితే పడే గీత నాకు తెలుసు. అంకెల సంగతి మేడమ్‌కు తెలియాలి గానీ, పనిముట్టు మాత్రం అక్కడ పడింది.

నవీన్, కోరాపుట్

నేను ఒప్పుకోను. పాత రోజుల్లో ఎవరైనా ఆ చోట మురికి గీకి ఉండొచ్చు కదా? అచ్చు పాతబడితే అంకెలు లావుగా పడతాయి. ఫొటోలతో మనిషిని భయపెట్టడం న్యాయం కాదు.

రాగమణి, బరంపురం

నవీన్ గారి మాటలో న్యాయం ఉంది, అందుకే ఆఖరి మాట అనలేదు. కానీ అచ్చు అరిగితే పక్కనున్న 3 కూడా, మొదటి 9 కూడా లావెక్కాలి. ఇక్కడ ఒక్క అంకే మారింది. మురికి గీకారంటే సరిగ్గా ఎనిమిది ఉండాల్సిన చోటే ఎందుకు గీకారన్నది మిగులుతుంది. చేత్తో చూస్తేనే తేలుతుంది.

సుజాత, ఛత్రపురం (అడ్వొకేట్)

సత్యం గారూ, పై చర్చంతా చదివాను. నాణెం గురించి నాకు తెలియదు, కాగితం గురించి చెబుతాను.

ఆ సర్టిఫికెట్‌ను పారేయకండి, చింపకండి. అది నాణెం అసలుదని రుజువు చేయలేకపోవచ్చు. కానీ అమ్మినవాళ్ళు మీకు ఏమని చెప్పి అమ్మారన్నదానికి అదే రుజువు. 'అసలైన 1939' అని వాళ్ళ ముద్రతో రాసిచ్చారు. వెనక 'అభిప్రాయం మాత్రమే' అని చిన్న అక్షరాల్లో వేసుకున్నంత మాత్రాన ముందు వైపు చెప్పింది పోదు, వినియోగదారుల కమిషన్ రెండూ చూస్తుంది.

బిల్లు ఏమని ఉంది? డబ్బు ఎలా కట్టారు? అమ్మకానికి పెట్టిన పేజీ స్క్రీన్‌షాట్ ఉందా?

సత్యం, గునుపూర్

బిల్లు మీద 'పాత వెండి నాణెం, 1' అని ఉంది మేడమ్. డబ్బు యూపీఐలో కట్టాను. పేజీ స్క్రీన్‌షాట్ నాన్నగారి ఫోన్‌లో ఉంది, అందులో 1939, అరుదైనది, ఒరిజినల్ అని ఉంది.

సుజాత, ఛత్రపురం

స్క్రీన్‌షాట్ చాలా ముఖ్యం, ఇంకో చోట కూడా దాచండి. బిల్లులో 1939 అని లేకపోవడం వాళ్ళకు అనుకూలం. అందుకే బిల్లు, సర్టిఫికెట్, పేజీ మూడూ కలిపి చూపించాలి. ఇకపై ఎవరైనా కొనేటప్పుడు బిల్లు మీదే సంవత్సరం, 'అసలుది', బరువు, నకిలీ అయితే వాపసు అన్నవి రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అక్కడే మీకు జవాబు దొరికినట్టు.

ఇప్పుడు ఫోన్‌లో గొడవ వద్దు. స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ రాతపూర్వకంగా అడగండి: అంకె చెక్కినట్టు అనుమానం ఉంది, వేరే నిపుణుడితో పరీక్ష చేయించడానికి ఒప్పుకోవాలి, నకిలీ అని తేలితే పూర్తి డబ్బు, పరీక్ష ఖర్చు ఇవ్వాలి అని. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. తర్వాత జిల్లా కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, డీలరు ఉన్న ఊరికి వెళ్ళక్కర్లేదు.

సత్యం, గునుపూర్

మీరు చెప్పినట్టు ఈమెయిల్ పంపాను. డీలరు జవాబిచ్చారు. 'మేము కూడా వేరేవాళ్ళ దగ్గర కొన్నాం, వాళ్ళ సర్టిఫికెట్ మా దగ్గర ఉంది. ముందు నాణెం మాకు పంపండి, చూసి చెబుతాం' అంటున్నారు. పంపేయమంటారా?

రాగమణి, బరంపురం

అలా ఊరికే పంపకండి. ఆ సర్టిఫికెట్‌కు నాణెంతో ముడి లేదని చెప్పాను కదా. ఇప్పుడు అదే మీకు అడ్డం వస్తుంది. మీరు పంపింది వేరే బిళ్ళ అని వాళ్ళు అన్నా, వాళ్ళు తిరిగి పంపింది వేరే బిళ్ళ అని మీరు అన్నా, ఆ అట్ట దేన్నీ తేల్చదు.

అందుకని ఆ పని మీరే చేయండి. రెండు వైపులా, అంచూ పెద్ద ఫొటోలు తీయండి. కాటా మీద 11.62 కనిపించేలా ఒక ఫొటో తీయండి. రాజు మెడ దగ్గర ఉన్న చిన్న నొక్కు, ఆఖరి తొమ్మిది పక్కనున్న గీతలు దగ్గరగా తీయండి. ఆ ఫొటోలన్నీ ముందే డీలరుకు ఈమెయిల్ చేసి, 'మీరు అమ్మిన నాణెం ఇదేనని ఒప్పుకోండి' అని అడగండి. వాళ్ళు ఒప్పుకుంటూ రాసిన తర్వాతే పంపే సంగతి చూడండి.

సుజాత, ఛత్రపురం

అవును. పంపాల్సి వస్తే ప్యాక్ చేసేటప్పుడు వీడియో తీయండి, ఇన్సూర్ చేసిన పోస్టులోనే పంపండి. నన్నడిగితే ముందు మీరే వేరే నిపుణుడి దగ్గర రాతపూర్వక నివేదిక తీసుకోండి. అందులో నాణెం ఫొటో, బరువు, చూసినవారి పేరు, ఏ కారణాల వల్ల ఆ అభిప్రాయానికి వచ్చారన్నది ఉండాలి.

సత్యం, గునుపూర్

ఫొటోలు పంపాను. ఇంకా జవాబు రాలేదు. నాన్నగారు వచ్చే ప్రదర్శనకు తనే వస్తానంటున్నారు, లూప్‌లో తన కళ్ళతో చూడాలట. అసలు 1939 పెద్ద ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే, సంవత్సరం దగ్గర మాత్రం దగ్గరగా తీసి ఇక్కడ పెట్టగలరా?

నవీన్, కోరాపుట్

నా దగ్గర డబ్బాలో ఒకటి ఉంది. వెబ్‌సైట్ ఫొటోతో నొక్కులన్నీ సరిపోయాయి, ఇప్పుడే చూశాను. రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను. రెండు తొమ్మిదులూ పక్కపక్కన కొలిచి చూద్దాం, ఎవరి మాట నిలుస్తుందో.